పావుగంటకొకసారి సింక్ అయ్యే టేబుల్ ఎంత పాతది?

ఈమధ్య ఒక ప్రతిపాదన నా పరిశీలనకు వచ్చింది. మందుల హోల్‌సేల్ పంపిణీ చేసే ఒక సంస్థ తన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఆర్డర్లు, నిల్వలు, వసూళ్లు, పన్ను రేట్ల టేబుళ్లను రిపోర్టుల కోసం వేరే డేటాబేస్‌లోకి సింక్ చేసుకుంటుంది. అసలు డేటాబేస్ మీద భారం పడకూడదని, సింక్ నేరుగా దాని నుంచి కాక దాని రెప్లికా నుంచి చదువుతుంది. ప్రతిపాదనలో తాజాదనం గురించి ఉన్నది ఒకే వాక్యం: "సింక్ 15 నిమిషాలకు ఒకసారి నడుస్తుంది కనుక డేటా 15 నిమిషాలకు మించి పాతబడదు." దాని కింద ఒక డ్యాష్‌బోర్డ్ బొమ్మ, అందులో రెప్లికా ల్యాగ్ సున్నా అని ఆకుపచ్చ రంగులో ఉంది.

ఆ వాక్యమూ తప్పే, ఆ సున్నా కూడా నమ్మదగినది కాదు. రెండింటికీ మూలం ఒకటేనని నా అభిప్రాయం. మనం పని ఎంత తరచుగా నడుస్తోందో కొలిచి, దానికి తాజాదనం అని పేరు పెడుతున్నాం. తాజాదనం అనేది నడిచే పనికి సంబంధించిన విషయం కాదు, చదివేవాడి ముందున్న కాపీకి సంబంధించినది. అసలు డేటాబేస్‌లో, అంటే మూలంలో, ఏ క్షణం వరకు జరిగినదంతా ఈ కాపీలో ఉందని హామీ ఇవ్వగలమో, ఆ క్షణం నుంచి ఇప్పటివరకు గడిచిన కాలమే ఆ కాపీ వయసు. ఆ వయసు ఎంత వరకు పెరగవచ్చన్నది నిర్ణయించాల్సింది సింక్ సామర్థ్యం కాదు, ఆ టేబుల్‌ను చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటున్నారన్నది.

ముందు లెక్క

10:00కు సింక్ మొదలైందనుకుందాం. అది 10:00 నాటి స్థితిని చదివి, మార్చి, రాసి, పాఠకులకు కనిపించేలా చేయడానికి 6 నిమిషాలు పడుతుంది. అంటే 10:06కు కొత్త కాపీ కనిపించే క్షణంలోనే దాని వయసు 6 నిమిషాలు. తర్వాతి సింక్ 10:15కు మొదలై 10:21కి కనిపిస్తుంది. 10:21కి ఒక్క సెకను ముందు రిపోర్టు తెరిచినవాడు చూసేది 10:00 నాటి డేటానే, అంటే 21 నిమిషాల పాతది. ఏ ఇబ్బందీ లేని రోజున కూడా ఈ టేబుల్ వయసు 6 నుంచి 21 నిమిషాల దాకా పెరిగి, మళ్లీ 6కు పడిపోతూ ఉంటుంది. పావుగంటకొక బస్సు ఉంది కాబట్టి పావుగంటలో ఊరు చేరతామని ఎవరూ అనుకోరు, ప్రయాణ కాలాన్ని కూడా కలుపుకుంటారు. సింక్ విషయంలో మాత్రం ఆ కలుపుకోవడాన్ని మరిచిపోతాం.

ఇక ఒక సింక్ విఫలమైతే? 10:15 నాటిది మధ్యలో ఆగిపోయి, 10:30 నాటిది సవ్యంగా జరిగితే, కొత్త కాపీ కనిపించేది 10:36కు. అప్పటిదాకా అందరూ 36 నిమిషాల పాత డేటా మీదే ఉంటారు. సింక్ అప్పుడప్పుడు విఫలం కావడం అసాధారణం కాదు, కాబట్టి ఒక వైఫల్యాన్ని తట్టుకోలేని లక్ష్యాన్ని లక్ష్యమని అనలేం. ఒక వైఫల్యాన్ని తట్టుకోవాలంటే రెండు విరామాలకు ఒక నడక కాలాన్ని, అంటే సింక్ ఒకసారి మొదలై ముగియడానికి పట్టే సమయాన్ని, కలిపినా లక్ష్యం దాటకూడదు. 30 నిమిషాలు లక్ష్యమైతే, 6 నిమిషాల నడకకు విరామం గరిష్ఠంగా 12 నిమిషాలు ఉండవచ్చు. నెలాఖరున ఆర్డర్లు పెరిగి నడక 9 నిమిషాలకు చేరుతుందని తెలిస్తే, 10 నిమిషాల విరామం పెట్టుకోవడం మేలు: రెండు పదులు, ఒక తొమ్మిది, మొత్తం 29.

రెప్లికా వెనకబాటు ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు. రెప్లికా 4 నిమిషాలు వెనకబడి ఉంటే, 10:00కు సింక్ చదివేది 9:56 నాటి స్థితిని, అయినా తన లాగ్‌లో 10:00 అనే రాసుకుంటుంది.

ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చింది

రెప్లికా వెనకబాటును కొలవడానికి చాలామంది మొదట వాడేది `pg_last_xact_replay_timestamp()`. రెప్లికా చివరగా అమలుచేసిన లావాదేవీ మూలంలో ఎప్పుడు కమిట్ అయిందో అది చెబుతుంది. ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేస్తే ల్యాగ్ వస్తుందని అనిపిస్తుంది. పగలు అది బాగానే పనిచేస్తుంది. అర్ధరాత్రి దాటాక ఎవరూ ఆర్డర్లు పెట్టనప్పుడు చివరి లావాదేవీ వయసు పెరుగుతూ పోతుంది, రెప్లికా పూర్తిగా తాజాగా ఉన్నా అలారం మోగుతుంది. నాలుగు రాత్రులు అనవసరంగా నిద్ర లేచినవాళ్లు దానికి ఒక అతుకు వేస్తారు. ఆ అతుకు ఎక్కడ చూసినా దాదాపు ఇలాగే ఉంటుంది, నా ముందున్న ప్రతిపాదనలోనూ ఇదే ఉంది:

```sql
SELECT CASE
  WHEN pg_last_wal_receive_lsn() = pg_last_wal_replay_lsn() THEN 0
  ELSE EXTRACT(EPOCH FROM now() - pg_last_xact_replay_timestamp())
END AS lag_seconds;
```

అందినదంతా అమలుచేసేస్తే ల్యాగ్ సున్నా అని దీని అర్థం. కానీ మూలానికీ రెప్లికాకూ మధ్య కనెక్షన్ తెగిపోతే ఏమవుతుంది? రెప్లికాకు కొత్తగా ఏమీ అందదు. అప్పటికే అందినదాన్ని అది కొద్ది క్షణాల్లో అమలుచేసేస్తుంది. అందిన స్థానం, అమలైన స్థానం రెండూ సమానమవుతాయి, డ్యాష్‌బోర్డ్ సున్నా చూపిస్తుంది. కనెక్షన్ తెగి రెండు గంటలైనా ఆ సున్నా ఆకుపచ్చగానే ఉంటుంది. పరిస్థితి అన్నిటికంటే ఘోరంగా ఉన్నప్పుడు అన్నిటికంటే మంచి అంకెను చూపించే కొలత ఇది. ఇలాంటి కొలత ఉండటం కంటే లేకపోవడమే నయమని నేనంటాను, ఎందుకంటే లేనప్పుడు కనీసం ఎవరైనా అనుమానిస్తారు.

మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే కథ ఉంది. `Seconds_Behind_Source` చెప్పేది రెప్లికా దగ్గరకు అప్పటికే వచ్చి చేరిన మార్పులను అమలు చేయడంలో ఎంత వెనకబడ్డామన్నదే. నెట్‌వర్క్ నెమ్మదించి మార్పులు ఇంకా దారిలోనే ఉంటే అది సున్నా చూపగలదు.

రెండు చోట్లా విరుగుడు ఒకటే, అది పాతదే: హార్ట్‌బీట్ టేబుల్. మూలంలో ఒకే వరుస ఉన్న చిన్న టేబుల్ పెట్టి, ప్రతి 10 సెకన్లకు అందులో అప్పటి సమయం రాయాలి. ఆ వరుస కూడా మిగతా డేటా వచ్చే దారిలోనే రెప్లికాకు చేరుతుంది. అక్కడ దాన్ని చదివి, ఇప్పటి సమయంలోంచి తీసేస్తే వచ్చేదే ఆ దారి మొత్తం వెనకబాటు. రాత్రి ఆర్డర్లు లేకపోయినా హార్ట్‌బీట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి తప్పుడు అలారం రాదు. కనెక్షన్ తెగితే వరుస మారదు కాబట్టి వయసు పెరిగిపోతుంది. 10 సెకన్ల మేర ఈ కొలతలో అనిశ్చితి ఉంటుంది, రెండు సర్వర్ల గడియారాల తేడా కూడా ఇందులో కలుస్తుంది. గడియారాలు సరిగా సింక్ కాకపోతే ల్యాగ్ రుణ సంఖ్యగా కూడా కనిపించవచ్చు. నిమిషాల్లో మాట్లాడుకునే లక్ష్యాలకు ఇవి పెద్ద అడ్డంకులు కావు.

హార్ట్‌బీట్ రాసే ప్రోగ్రామే ఆగిపోతే డేటా తాజాగా ఉన్నా అలారం మోగుతుంది కదా అని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. నిజమే, మోగుతుంది. కొలత ఎప్పుడో ఒకసారి తప్పక తప్పదన్నప్పుడు, అది ఏ వైపుకు తప్పాలో ఎంచుకునే అవకాశం మనకుంది. ఉన్నదానికంటే పాతదని చెప్పే కొలతతో ఒకరి నిద్ర చెడుతుంది. ఉన్నదానికంటే తాజా అని చెప్పే కొలతతో తప్పు బిల్లులు వెళతాయి.

దారి బాగుంది, వరుస మాత్రం రాలేదు

హార్ట్‌బీట్ దారి గురించి చెబుతుంది కానీ, టేబుల్‌లో అన్ని వరుసలూ ఉన్నాయని చెప్పదు. చాలా సింక్‌లు `updated_at` నిలువు వరుస మీద ఆధారపడతాయి: కిందటిసారి గుర్తుపెట్టుకున్న సమయం తర్వాత మారిన వరుసలన్నీ తెచ్చుకుని, కొత్త సమయాన్ని గుర్తుపెట్టుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో `now()` ఇచ్చేది లావాదేవీ మొదలైన సమయాన్నే తప్ప కమిట్ అయిన సమయాన్ని కాదు. ఒక పెద్ద ఆర్డర్ లావాదేవీ 9:58కి మొదలై 10:03కి కమిట్ అయిందనుకుందాం. దాని వరుసల `updated_at` 9:58. 10:00 నాటి సింక్‌కు ఆ వరుసలు ఇంకా కనిపించవు, అది 10:00ను గుర్తుగా రాసుకుంటుంది. 10:15 నాటి సింక్ 10:00 తర్వాత మారినవాటినే అడుగుతుంది. 9:58 నాటి వరుసలు ఇక ఎప్పటికీ రావు. సింక్ సఫలం, హార్ట్‌బీట్ తాజా, డ్యాష్‌బోర్డ్ ఆకుపచ్చ, ఆర్డర్ మాత్రం లేదు.

గుర్తును రెండు నిమిషాలో అయిదు నిమిషాలో వెనక్కి జరిపి చదవడం అందరూ చేసే పని. మామూలు రోజుల్లో అది చాలుతుంది. అయిదు నిమిషాలకు మించిన లావాదేవీ వచ్చిన రోజున చాలదు, చాలలేదని తెలియదు కూడా. అంతకంటే నిక్కచ్చిగా, ఇంకా ముగియని లావాదేవీల్లో అన్నిటికంటే పాతది ఎప్పుడు మొదలైందో మూలాన్నే అడగవచ్చు. ఆ సమాచారం రెప్లికాలో దొరకదు, కాబట్టి దాన్ని హార్ట్‌బీట్ వరుస మీదే ఎక్కించి పంపడం నాకు నచ్చిన పద్ధతి:

```sql
UPDATE heartbeat
SET ts = clock_timestamp(),
    safe_ts = (SELECT min(xact_start)
               FROM pg_stat_activity
               WHERE datname = current_database()
                 AND backend_type = 'client backend')
WHERE id = 1;
```

`safe_ts` కంటే ముందు మొదలైన లావాదేవీలన్నీ ఈ వరుస రాసేసరికే ముగిశాయి. కమిట్‌లు రెప్లికాకు అదే క్రమంలో చేరతాయి కనుక, రెప్లికాలో ఈ వరుస కనిపిస్తే వాటి ఫలితాలన్నీ అక్కడ ఉన్నట్టే. సింక్ ముందుగా ఈ వరుసను చదివి, ఆ తర్వాత డేటాను చదివి, రాయడం పూర్తయ్యాక `safe_ts`ను ఆ టేబుల్ "ఫలానా సమయం వరకు" అన్న గుర్తుగా భద్రపరచాలి. తర్వాతిసారి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. రెండుసార్లు వచ్చిన వరుసలను కీ ఆధారంగా కలిపేయవచ్చు. ఇప్పటి సమయంలోంచి ఆ గుర్తును తీసేస్తే వచ్చేదే నేను మొదట చెప్పిన వయసు.

దీనికి రెండు మూడు షరతులున్నాయి. ఈ ప్రశ్న అడిగే యూజర్‌కు `pg_read_all_stats` హక్కు లేకపోతే ఇతరుల లావాదేవీల సమయాలు ఖాళీగా కనిపిస్తాయి, అప్పుడు `safe_ts` ఎప్పుడూ తాజాగానే ఉన్నట్టు వస్తుంది, అంటే మళ్లీ ఆ సున్నా దగ్గరికే చేరతాం. `updated_at`ను డేటాబేస్ కాక అప్లికేషన్ తన గడియారంతో రాస్తుంటే ఈ హామీ నిలవదు. వరుసలను పూర్తిగా తొలగించే టేబుళ్లకు ఈ పద్ధతే పనికిరాదు, తొలగిపోయిన వరుసకు `updated_at` ఉండదు కదా. ఎవరైనా `BEGIN` కొట్టి టిఫిన్‌కు వెళితే టేబుళ్లన్నిటి వయసూ పెరుగుతుంది. మొదట్లో ఇది లోపంలా కనిపిస్తుంది గానీ, ఆ తెరిచిన లావాదేవీలోంచి పాత `updated_at`తో వరుసలు వచ్చే అవకాశం నిజంగానే ఉంది, కాబట్టి కొలత చెబుతున్నది నిజమే.

లక్ష్యం ఎవరిది

కొలత కుదిరాక, ఎంత వయసు దాకా ఫరవాలేదన్న ప్రశ్న వస్తుంది. "మీకు డేటా ఎంత తాజాగా కావాలి?" అని అడిగితే ఎవరైనా "వెంటనే" అనే అంటారు, అలా అనడంలో వాళ్లకు ఖర్చేమీ లేదు. ఆ సంస్థలోనే కొనుగోళ్లు చూసే పెద్దాయనను నేను వేరేలా అడిగాను: ఎంత పాతదైతే మీ ఆర్డర్ మారుతుంది? ఆయన ఆలోచించి, "నేను కంపెనీలకు ఆర్డర్ పెట్టేది సాయంత్రం నాలుగింటికేనండీ. మధ్యాహ్నం దిగిన సరుకు అందులో ఎక్కి ఉంటే చాలు, మిగతా రోజంతా నేను దాన్ని చూడనే చూడను" అన్నారు. ఆయనకు కావాల్సింది నిమిషాల వయసు కాదు, ఒక గడువు: 4:00 గంటలకు నిల్వల టేబుల్ కనీసం 3:30 వరకు పూర్తయి ఉండాలి. ఉదయం 11 గంటలకు అది రెండు గంటలు పాతబడినా ఆయనకు పట్టదు.

ఫోన్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్ల సంగతి వేరు. అదే నిల్వల టేబుల్‌ను చూసి వాళ్లు దుకాణదారుకు మాట ఇస్తారు. నిమిషానికి 2 పెట్టెలు కదిలే మందు ఉందనుకుంటే, 21 నిమిషాల పాత నిల్వలో 42 పెట్టెల తేడా ఉండవచ్చు. గోదాములో 500 పెట్టెలున్నప్పుడు ఆ తేడా ఎవరికీ కనిపించదు, 40 ఉన్నప్పుడు లేని సరుకుకు మాట ఇచ్చినట్టవుతుంది. సింక్‌ను 2 నిమిషాలకు తగ్గిస్తే ఈ సమస్య చిన్నదవుతుంది కానీ పోదు, ఎందుకంటే ఒకే చివరి పెట్టెను ఇద్దరు ఒకే నిమిషంలో అమ్మవచ్చు. ఇక్కడ సరైన లక్ష్యం ఏమిటని వెతకడమే పొరపాటని నేను రాశాను: మాట ఇచ్చే స్క్రీన్ కాపీని చదవకూడదు, మూలాన్నే చదవాలి. తాజాదన లక్ష్యం సెకన్లకు దిగుతోందంటే, చాలాసార్లు ఆ పని సింక్ చేసిన టేబుల్ మీద జరగకూడనిదని అర్థం.

మూడో రకం, ఎప్పుడో తప్ప మారని టేబుల్. పన్ను రేట్లు నెలల తరబడి అలాగే ఉంటాయి. మొదట్లో రోజుకొకసారి సింక్ చాలునని అనిపిస్తుంది. కానీ 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బ్రాంచి బిల్లింగ్ కౌంటర్లు ఆ టేబుల్ కాపీని చదువుతుంటే, ఆ ఒక్క ఉదయం కాపీ ఒక రోజు పాతదైనా, ఆ రోజంతా బిల్లులు తప్పే. సంవత్సరంలో 364 రోజులు తాజాగా ఉండి ఆ ఒక్క రోజు విఫలమైన టేబుల్ తాజాదనం 99.7 శాతం. "99.5 శాతం సమయం తాజాగా ఉండాలి" అన్న లక్ష్యాన్ని అది దర్జాగా అందుకుంటుంది. ఇలాంటి టేబుల్‌కు వయసు కాక, మార్పు అమల్లోకి వచ్చే క్షణానికి ముందే అది ప్రతి బ్రాంచికీ చేరిందని నిర్ధారించుకోవడమే లక్ష్యం కావాలి. రేటుతో పాటు "ఏ తేదీ నుంచి" అన్న నిలువు వరుస కూడా ఉంటే, మార్పును రోజుల ముందే పంపి తీరిగ్గా సరిచూసుకోవచ్చు.

శాతాలతో ఉన్న చిక్కు మామూలు టేబుళ్లకూ వర్తిస్తుంది. 30 రోజుల నెలలో 99 శాతం లక్ష్యమంటే మిగిలిన ఒక శాతం 7 గంటల 12 నిమిషాలు. అది నెలంతా పలచగా పరుచుకోవచ్చు, లేదా ఒక సోమవారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా ఒక్కచోటే పడవచ్చు. లెక్కలో రెండూ ఒకటే. అందుకే రాత్రి గంటలను లెక్కలోంచి తీసేసి పని గంటలకే శాతం కట్టాలని, దానితో పాటు దాటకూడని హద్దు ఒకటి విడిగా ఉండాలని సూచించాను: ఆర్డర్ల రిపోర్టుకు పని గంటల్లో 99 శాతం సమయం 30 నిమిషాల లోపు, ఎట్టి పరిస్థితిలోనూ 2 గంటలు దాటకుండా. హద్దు దాటితే రిపోర్టు పైన "ఈ లెక్కలు ఫలానా సమయం వరకే" అన్న ఎర్ర పట్టీ కనిపించాలి. ఆ పట్టీ చూస్తే జనం రిపోర్టును నమ్మడం మానేస్తారని అక్కడి ఐటీ మేనేజర్ భయపడ్డారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే పట్టీ లేనప్పుడు ఎవరో ఒకరు తేడాను తామే కనిపెట్టి, ఆ తర్వాత పట్టీ లేని రోజుల్లో కూడా నమ్మడం మానేయడం నేను చూశాను.

ఒకటి తాజా అయితే చెడే లెక్క

అందరూ ఆర్డర్ల టేబుల్ గురించే అడుగుతున్నారని దాన్ని మాత్రం 5 నిమిషాల విరామానికి మార్చాలని ప్రతిపాదనలో మరో అంశం ఉంది. వసూళ్ల టేబుల్ పావుగంట దగ్గరే ఉంటుంది. బాకీల రిపోర్టు ఈ రెండింటినీ కలిపి చూస్తుంది. ఆర్డర్లు 10:20 వరకు, వసూళ్లు 10:00 వరకు వచ్చి ఉంటే, మధ్యలోని 20 నిమిషాల్లో ఆర్డర్ పెట్టి వెంటనే డబ్బు కట్టిన ప్రతి దుకాణమూ బాకీదారుగా కనిపిస్తుంది. రెండూ 10:00 దగ్గరే ఉన్నప్పుడు రిపోర్టు పాతదే గానీ తప్పు కాదు. ఒకదాన్ని తాజా చేయడం వల్లే అది తప్పయింది.

కలిపి చదివే రిపోర్టుకు వయసు ఒకటే ఉండాలి, అది అందులోని టేబుళ్లన్నిటిలో అతి పాతదాని వయసే కావాలి. బాకీల రిపోర్టు రెండు టేబుళ్ల "ఫలానా సమయం వరకు" గుర్తుల్లో వెనకదాన్ని తీసుకుని, ఆర్డర్లను కూడా అక్కడికే కత్తిరించి చూపాలి. టేబుల్‌లో చివరి స్థితి మాత్రమే ఉండి, ప్రతి సంఘటన సమయమూ లేకపోతే అలా కత్తిరించడం కుదరదు, అప్పుడు రెండింటినీ ఒకే సింక్‌లో కలిపి నడపడం తప్ప దారి లేదు. ఆర్డర్ల విరామాన్ని విడిగా తగ్గించాలన్న అంశాన్ని కొట్టేసి, రెండింటినీ కలిపి 10 నిమిషాలకు పెట్టమని రాసి ప్రతిపాదనను తిప్పి పంపాను. బాకీల కోసం ఫోన్లు చేసే బృందాన్ని వాళ్లకు ఎంత పాతదైతే ఇబ్బందో అడగడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.